ఆడియన్స్ ఇచ్చినా ఎస్సే మారలేదు, ఎందుకు?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ రైటింగ్ క్లాస్ చెప్తాను. క్లాసులో నలభై మంది ఉంటారు. 'మొబైల్ ఫోన్ల వల్ల లాభనష్టాలు' అని ఎస్సే ఇస్తే నలభై పేపర్లూ ఒకేలా వచ్చాయి. అన్నీ 'ఈ ఆధునిక యుగంలో' అనే మొదలయ్యాయి. ఆడియన్స్, పర్పస్, వర్డ్ లిమిట్ ఇస్తే తేడా వస్తుందని ట్రైనింగ్‌లో చెప్పారు. అందుకే తర్వాతిసారి 'మీ ప్రిన్సిపాల్‌ను ఒప్పిస్తూ మొబైల్ ఫోన్ల గురించి 300 పదాల్లో రాయండి' అన్నాను. పైన 'గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి' అని పెట్టి, కింద మళ్లీ అదే ఎస్సే రాశారు. కొందరు 160 పదాలకే ఆపేశారు, కొందరు 500 దాటించారు. ఎక్కువ రాసినవాళ్లకు మార్కులు తగ్గిస్తే తల్లిదండ్రులు వచ్చి నిలదీశారు. మా హెడ్ ఏమో పరీక్షలో వచ్చేలాంటి ప్రశ్నలే ఇవ్వమంటున్నారు. ప్రశ్న రాయడానికి కూర్చుంటేనే టెన్షన్‌గా ఉంటోంది. లోపం నా ప్రశ్నలో ఉందా, పిల్లల్లో ఉందా?
– ఒక ఇంగ్లిష్ టీచర్

జవాబు: ప్రశ్నలోనే ఉందండీ. పిల్లలు మీరు అడిగినదానికి సరిగ్గానే జవాబు రాశారు. ఈ మాట మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ప్రశ్నలో లోపమైతే ఒక సాయంత్రం కూర్చుని సరిచేసుకోవచ్చు. నలభై మంది పిల్లల్ని మార్చడం అంత తేలిక కాదు కదా.

ముందు ఆ ప్రిన్సిపాల్ సంగతి చూద్దాం. ఫోన్ల వల్ల లాభాలేమిటో, నష్టాలేమిటో ప్రిన్సిపాల్‌కు పిల్లలకంటే బాగా తెలుసు. ఆయన దేన్ని ఒప్పుకోవాలో మీ ప్రశ్నలో లేదు. ఈ ఎస్సే చదివాక ఆయన ఏం చేయాలో కూడా లేదు. పైగా అది ఆయన బల్ల మీదికి వెళ్లదని, మీరే ఎర్ర పెన్నుతో దిద్దుతారని ప్రతి పిల్లకూ తెలుసు. అందుకే 'గౌరవనీయులైన' అనే ఒక్క లైను ఆయనకు రాసి, మిగతాదంతా మీకు రాశారు. మీకు ఏం కావాలని వాళ్లు అనుకుంటున్నారు? తప్పుల్లేని వాక్యాలు, గైడ్లలో కనిపించే రకం వాక్యాలు. అవే ఇచ్చారు.

చదివేవాళ్ల హోదా చెప్పినంత మాత్రాన ప్రశ్నలోకి ఆడియన్స్ వచ్చినట్టు కాదు. ఆ మనిషికి ఇప్పటికే ఏం తెలుసు, దేని దగ్గర సందేహిస్తున్నారు, చదివాక ఏం చేయగలరు అన్న మూడూ తెలియాలి. లాయిడ్ బిట్జర్ అనే అమెరికన్ పండితుడు 1968లో రాసిన ఒక వ్యాసంలో దాదాపు ఇదే అన్నారు. ఆయన లెక్కలో వినేవాళ్లందరూ ఆడియన్స్ కారు. మన మాటకు ప్రభావితులై, పరిస్థితిలో మార్పు తేగలిగినవాళ్లే ఆడియన్స్. మీ ప్రశ్నలో మార్చాల్సిన పరిస్థితే లేదు కాబట్టి, ప్రిన్సిపాల్ పేరు తీసి ఎవరి పేరు పెట్టినా అదే ఎస్సే వచ్చేది.

అదే ఫోన్ల టాపిక్‌ను తీసుకుని ప్రశ్నను మళ్లీ కట్టి చూద్దాం. పిల్లలకు ఇంగ్లిష్‌లోనే ఇస్తారు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"స్కూల్‌కు ఫోన్ తీసుకురావడాన్ని పూర్తిగా నిషేధించాలా వద్దా అని పేరెంట్స్ కమిటీ వచ్చే వారం తేల్చబోతోంది. కమిటీలో చాలామంది నిషేధం వైపే ఉన్నారు. ఫోన్ చేతిలో ఉంటే క్లాసులో పాఠం వినరని వాళ్ల భయం. స్కూల్ వదిలాక పిల్లలకు ఫోన్‌తో ఏం అవసరం పడుతుందో వాళ్లకు అంతగా తెలియదు. నిషేధానికి బదులు, పొద్దున గేటు దగ్గర ఫోన్ అప్పగించి సాయంత్రం తీసుకునే పద్ధతిని ఒక నెల పాటు అమలు చేసి చూడమని కమిటీని ఒప్పిస్తూ ఎస్సే రాయండి. వాళ్ల భయానికి జవాబు చెప్పండి. 220 నుంచి 260 పదాలు."

ఇందులో నాలుగు వాక్యాలు పరిస్థితికి, ఒకటి పనికి, ఒకటి షరతుకు, చివరిది నిడివికి పోయాయి. 'ఒప్పించండి' అని మాత్రమే అనకుండా దేనికి ఒప్పించాలో చెప్పాం. అది కూడా చిన్న కోరిక, ఒక నెల చూడమని. కోరిక అంత నిర్దిష్టంగా ఉంటే, ఎస్సే పని చేసిందా లేదా అని చదివినవాళ్లు ఎవరైనా చెప్పగలరు. 'ఫోన్ల గురించి ఒప్పించండి' అంటే ఆ పరీక్షకు నిలబడదు.

ఇప్పుడు పిల్లల పేపర్లలో ఏం మారుతుందో ఒక్క వాక్యం దగ్గర చూడండి. పాత ప్రశ్నకు ఎవరైనా రాసే వాక్యం ఇది: 'ఫోన్ ఉంటే మనం ఎక్కడున్నవాళ్లతోనైనా మాట్లాడవచ్చు.' నిజమే, కానీ ఈ వాక్యం చదివి ఏ తల్లీ మనసు మార్చుకోదు. కొత్త ప్రశ్నకు అదే విషయం ఇలా రాయాల్సి వస్తుంది: 'ఆటల ప్రాక్టీస్ ఏ రోజు ఎన్నింటికి అయిపోతుందో మాకే తెలియదు. అయిపోయాక నేను ఫోన్ చేస్తేనే నాన్న ఇంటి నుంచి బయల్దేరతారు. ఫోన్ లేకపోతే నేను గేటు బయట నిలబడి ఎదురుచూడాలి.' కమిటీలో ఉన్న అమ్మకు తెలియని విషయం ఇది, ఆవిడ తూచి చూసుకోగలిగిన విషయం కూడా. గైడ్‌లో దొరకదు కాబట్టి ఆ పిల్లే ఆలోచించి రాయాలి.

మీరు ఇంగ్లిష్ టీచర్ కాబట్టి ఇంకో సంగతి కూడా గమనించండి. మొదటి వాక్యానికి సింపుల్ ప్రెజెంట్ వస్తే చాలు. రెండోదానికి 'అయ్యాక', 'చేస్తేనే', 'లేకపోతే' అనే సంబంధాలు ఇంగ్లిష్‌లో కట్టాలి, అంటే టైమ్ క్లాజులు, కండిషనల్స్ అవసరమవుతాయి. పెద్దవాళ్లను అడగాలి కాబట్టి మర్యాదగా అడిగే మోడల్ వెర్బ్స్ కూడా కావాలి. మీరు ఆ నెలలో కండిషనల్స్ చెప్పి ఉంటే, వాటి అవసరం పడే పరిస్థితిని ప్రశ్నలోనే పెట్టవచ్చన్నమాట. 'ఈ ఎస్సేలో అయిదు కండిషనల్స్ వాడండి' అని విడిగా చెప్పనక్కర్లేదు.

నిషేధమే మంచిదని నమ్మే పిల్లలూ మీ క్లాసులో ఉంటారు. వాళ్లచేత నమ్మనిదాన్ని రాయించవద్దు. అలాగని కమిటీకే 'నిషేధించండి' అని రాయిస్తే, ముందే ఒప్పుకున్నవాళ్లను ఒప్పించినట్టవుతుంది. వాళ్లకు చదివేవాళ్లను మార్చండి. నిషేధం అన్యాయం అని గొడవ చేస్తున్న తోటి విద్యార్థులకు రాయమనండి. అభిప్రాయం మారితే ఆడియన్స్ ఎందుకు మారాలో ఆ రోజు క్లాసుకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

వర్డ్ లిమిట్ విషయంలో మీరు పడిన అవస్థకూ కారణం ఇక్కడే ఉంది. లాభనష్టాల జాబితాకు హద్దు లేదు. మూడు లాభాలు, మూడు నష్టాలు చెప్పి 160 పదాలకు ఆపేసిన పిల్లకు ఇంకా చెప్పాల్సింది ఉందని ఎలా తెలుస్తుంది? తెలిసినవన్నీ రాసి 500 దాటించిన పిల్లాడికి ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? మీరు 300 అన్నది టాపిక్‌లోంచి వచ్చిన అంకె కాదు. అంకె ముందు వేసుకుని ప్రశ్న రాయకండి. చదివేవాళ్లు ఒప్పుకోవాలంటే ఎన్ని మెట్లు కావాలో చూసి, దాన్నిబట్టి అంకె వేయండి.

పైన రాసిన ప్రశ్నకు లెక్క ఇలా వేశాను. కమిటీ ముందున్న సమస్యను, మన కోరికను చెప్పే ఓపెనింగ్‌కు 35 పదాలు. గేటు పద్ధతి ఎందుకు మంచిదో చెప్పే రెండు కారణాలకు చెరో 65. వాళ్ల భయానికి జవాబుకు 50. చివర స్పష్టమైన విన్నపానికి 25. మొత్తం 240 అయింది, అటూ ఇటూ 20 వదిలాను. ఒక కారణానికి 65 ఎందుకంటే, ఆ కారణాన్ని చెప్పి, ఎలాగో వివరించి, తన అనుభవంలోంచి ఒక ఉదాహరణ ఇచ్చి, దాన్ని కమిటీ నిర్ణయంతో కలపడానికి అయిదు వాక్యాలైనా పడతాయి. ఈ వయసు పిల్లల ఇంగ్లిష్ వాక్యం సగటున 12, 13 పదాలు ఉంటుందనుకుని ఈ లెక్క వేశాను. మీ క్లాసులో ఎంతో, పాత పేపర్లు ఒక నాలుగు తీసి లెక్కపెట్టండి. 8 పదాల వాక్యాలు రాసే క్లాసైతే, ఇదే ప్రశ్నను రెండు కారణాలకు బదులు ఒక కారణంతో 150 నుంచి 180కి కుదించండి. వాక్యాలు పొడిగించి అంకెను అందుకోమంటే అతుకులే వస్తాయి.

'కనీసం ఇంత' అనడం, 'ఇంత నుంచి ఇంత' అనడం ఒకటి కాదు. ఐఈఎల్‌టీఎస్ రెండో టాస్క్‌లో కనీసం 250 పదాలు రాయమంటారు, సుమారు 40 నిమిషాలు వాడుకోమంటారు. కేంబ్రిడ్జ్ బీ2 ఫస్ట్ అనే ఇంగ్లిష్ పరీక్షలో రైటింగ్ పేపర్ మొదటి భాగంలో 140 నుంచి 190 అని రెండు హద్దులూ ఇస్తారు. కింది హద్దు మాత్రమే ఇస్తే పిల్లలు ఆ గీత దాటడం మీదే దృష్టి పెడతారు, చెప్పినదే మళ్లీ చెప్తారు. పై హద్దు మాత్రమే ఇస్తే ఉదాహరణలు ఎగిరిపోతాయి. క్లాసులో నేర్పడానికైతే రెండు హద్దులూ ఇవ్వడమే నాకు మంచిదనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఆలోచన వస్తుంది.

హద్దు దాటితే ఏం చేయాలన్నదానికి రెండు దారులున్నాయి. ఒకటి, 260 పదాల దగ్గర చదవడం ఆపేయడం. కమిటీకి అంత ఓపికే ఉందన్న లెక్క. విన్నపాన్ని చివరికి నెట్టి 400 పదాలు రాసిన పిల్లకు అప్పుడు పర్పస్ మార్కులే పోతాయి. వేరే కోత అక్కర్లేదు కానీ, పిల్లలకు ఇది కటువుగా అనిపిస్తుంది, మొదటిసారి కొందరు ఏడుస్తారు కూడా. రెండోది, దాటినవాటికి మార్కులు వేయకుండా తిరిగిచ్చి, మర్నాటికి హద్దులోకి కుదించి తెమ్మనడం. కుదించడం వల్ల వాళ్లకు ఎడిటింగ్ వస్తుంది, కానీ మీకు దిద్దడం ఆలస్యమవుతుంది. టర్మ్ మొదట్లో రెండోది, చివర్లో మొదటిది పెట్టుకోవడం నాకు నచ్చుతుంది. ఏది ఎంచుకున్నా ఆ నియమం, టైటిల్ లెక్కలోకి వస్తుందో రాదో, ప్రశ్న కిందే ఉండాలి. ముందే రాసి ఉన్న నియమం గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం సులువు. దిద్దాక పెట్టిన నియమాన్ని సమర్థించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇక ఈ పద్ధతిలోకి ఎలా దిగాలన్నది మీ సమయాన్ని, మీ హెడ్ గారి పట్టుదలను బట్టి మీరే తేల్చుకోవాలి.

అన్నిటికంటే తక్కువ మార్పు ఏమిటంటే, పరీక్ష ప్రశ్నను మార్చకుండా దాని పైన రెండు మూడు వాక్యాల పరిస్థితి చేర్చడం. హెడ్ గారికి అభ్యంతరం ఉండదు, మీకూ పది నిమిషాల పని. కానీ 'రెండు వైపులా చర్చించండి' అన్న మాట కింద అలాగే ఉంటే, పైన ఒప్పించమని, కింద చర్చించమని రెండు పనులు చెప్పినట్టవుతుంది. పిల్లలు తమకు అలవాటైన పనే చేస్తారు. ఈ దారి పట్టితే కింది వాక్యాన్ని కూడా పైదానికి సరిపోయేలా దిద్దాల్సిందే.

నిజంగా చదివేవాళ్లను వెతకడం ఇంకో దారి. పక్క సెక్షన్ పిల్లలు చదివి, 'నన్ను ఒప్పించిన వాక్యం ఇది, నాకు ఇంకా సందేహం ఉన్నది ఇక్కడ' అని రెండు లైన్లు రాసి ఇస్తారు. పిల్లల రాతలో తేడా దీంతోనే ఎక్కువ వస్తుంది, మీ దిద్దుబాటు కూడా కొంత తగ్గుతుంది. అయితే ఇంగ్లిష్ బాగా రాని పిల్లలు పక్క సెక్షన్‌వాళ్లు నవ్వుతారేమోనని బిగుసుకుపోతారు. పేర్లు తీసేసి, నంబర్లు వేసి పంపండి. ఇంటి విషయాలు రాయాల్సి వచ్చే టాపిక్‌లు మాత్రం ఈ పద్ధతికి అస్సలు పెట్టకండి.

మూడోది, మీరు టాపిక్ మాత్రమే ఇచ్చి, ఎవరికి రాయాలో పిల్లల్నే ఎంచుకోమనడం. రాసే ముందు వాళ్లకు ఏం తెలుసు, ఏం సందేహం, ఏం చేయాలి అని మూడు లైన్లు రాసుకోవాలి. చదువులో ముందున్న పిల్లలకు ఇది బాగుంటుంది. మీకైతే నలభై పేపర్లకు నలభై రకాల కొలతలు అవుతాయి, ఇద్దరి మార్కులను పోల్చడం కష్టం. తల్లిదండ్రులు ఇప్పటికే మార్కుల మీద గట్టిగా ఉన్నారు కాబట్టి ఈ టర్మ్‌లో మీకు ఇది సలహా ఇవ్వను.

ఏ దారిలో వెళ్లినా, ప్రశ్న పిల్లల చేతికి ఇచ్చే ముందు దానికి మీరే ఒక జవాబు రాసి చూడండి. పేపర్ మీద, పిల్లలకు ఇచ్చే హద్దులోనే. రెండో కారణం దగ్గర మీకే చెప్పడానికి ఏమీ దొరక్కపోతే, పరిస్థితిలో ఇంకో వివరం కావాలని అర్థం. ప్రశ్నలోని వాక్యాలనే ఎత్తి మీ జవాబులో పెట్టేస్తున్నారంటే ప్రశ్న పెద్దదైపోయింది, వాదన దాన్లోనే వచ్చేసింది. వంద పదాలు దాటిన ప్రశ్న రైటింగ్ టెస్టు కంటే రీడింగ్ టెస్టు ఎక్కువ అవుతుంది, చదవడంలో వెనకబడిన పిల్లలు మొదలుపెట్టకముందే నష్టపోతారు. దేశాధినేతకో, ఐక్యరాజ్యసమితికో రాయమనే ప్రశ్నలూ ఇక్కడే దొరికిపోతాయి. ఆ పెద్దలకు ఏం తెలుసో, ఏం సందేహమో ఊహించడం పదిహేనేళ్ల పిల్లలకు సాధ్యం కాదు.

పేపర్లు వచ్చాక ఇంకో పరీక్ష ఉంది. పైనున్న సంబోధనను, టైటిల్‌ను చేత్తో మూసేసి కింది పేరాలు మాత్రమే చదవండి. ఇది ఎవరికి రాశారో చెప్పగలిగితే ప్రశ్న పని చేసింది. పది పేపర్లలో ఏడెనిమిదింటిలో చెప్పలేకపోతే, పిల్లలకు క్లాస్ పీకకుండా ప్రశ్న దగ్గరికి వెళ్లండి. ఒకటి రెండింటిలోనే చెప్పలేకపోతే అప్పుడు ఆ పిల్లలతో కూర్చోండి.

మార్కులు దేనికి వేశారో మీ ఉత్తరంలో లేదు కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను. ప్రిన్సిపాల్‌కు రాయమన్న ఆ ఎస్సేకు మీరు మార్కులు దేనికి వేశారు? గ్రామర్‌కు, స్పెల్లింగ్‌కు, నిడివికి మాత్రమే అయితే, ఆడియన్స్‌ను పట్టించుకోవడం వల్ల పిల్లలకు ఏం ఒరిగింది? ఇరవై మార్కుల ఎస్సేలో, చదివేవాళ్ల సందేహానికి జవాబు చెప్పినందుకు నాలుగు, అడిగిన కోరిక స్పష్టంగా ఉన్నందుకు మూడు కేటాయించి, ఆ సంగతి ప్రశ్న కింద రాయండి. మొదటి రెండు ఎస్సేల వరకు గ్రామర్ తప్పుల్లో అర్థం చెడగొట్టేవాటినే గుర్తించండి. మీ ఆదివారాలు కూడా కొంత మిగులుతాయి.

హెడ్ గారితో వాదనకు దిగకండి. పరీక్షల కోసమే ఇదంతా అని చెప్పవచ్చు, అది నిజం కూడా. కేంబ్రిడ్జ్ పరీక్షల్లో కంటెంట్‌కు మార్కులు వేసేటప్పుడు, చదివే వ్యక్తికి కావాల్సిన సమాచారం పూర్తిగా అందిందా అనే చూస్తారు. ఆడియన్స్ ఇవ్వని ప్రశ్న వస్తే పిల్లలు ఏం చేయాలో కూడా మీరు ముందే నేర్పవచ్చు. ఈ విషయం మీద ఇంకా ఏ నిర్ణయానికీ రాని, చదువుకున్న ఒక మనిషిని ఊహించుకుని, ఆ మనిషి అడగబోయే మొదటి ప్రశ్నను పేపర్ అంచున రాసుకుని మొదలుపెట్టమనండి. పాత ప్రశ్నకూ, కొత్త ప్రశ్నకూ ఒకే విద్యార్థి రాసిన రెండు ఎస్సేలను, పేరు తీసేసి, మార్కులు వేయకుండా, ఆయన ముందు పెట్టండి. ఏది పరీక్షలో నిలబడుతుందో ఆయన్నే చెప్పమనండి.